సర్వీస్ 33 నిమిషాలు ఆగింది: క్లయింట్‌కు రాసే పోస్ట్‌మార్టెమ్‌లో కారణం ఎంత లోతుకు వెళ్ళాలి

అవుటేజ్ ముగిసిన మర్నాడు క్లయింట్లకు వెళ్ళే ఈమెయిళ్ళు చాలావరకు ఇలా ఉంటాయి: “డేటాబేస్ కనెక్షన్లు అయిపోవడం వల్ల సర్వీస్ కొంతసేపు అందుబాటులో లేదు. సమస్యను గుర్తించి సరిచేశాం. ఇకముందు ఇలా జరగకుండా మానిటరింగ్ పెంచుతున్నాం.” ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చదివిన క్లయింట్‌కు మాత్రం ఒక్క ప్రశ్నకూ జవాబు దొరకదు. నిన్నటిదాకా సరిపోయిన కనెక్షన్లు ఈరోజే ఎందుకు చాలలేదు? “కొంతసేపు” అంటే ఎంతసేపు? మానిటరింగ్ పెంచితే కనెక్షన్లు అయిపోకుండా ఉంటాయా, లేక అయిపోయిన సంగతి మీకు కాస్త ముందుగా తెలుస్తుందా?

కారణం, టైమ్‌లైన్, నివారణ చర్యలు అని మూడు శీర్షికలు పెట్టడం అందరికీ తెలుసు. ఆ మూడింటినీ ఒకదానితో ఒకటి ముడివెయ్యడం దగ్గరే చాలా ఈమెయిళ్ళు తేలిపోతాయి. టైమ్‌లైన్‌లో ఏ ముక్కకు ఎక్కువ సమయం పట్టిందో ఆ ముక్కను తగ్గించే చర్య కింద కనిపించాలి. కారణం కింద రాసిన ప్రతి లింకునూ తెంచే చర్య ఒకటి ఉండాలి. దేనికీ అతకని చర్య ఉంటే, అది క్లయింట్ మనసు కుదుటపరచడానికి రాసినదే తప్ప పనికొచ్చేది కాదు. దీన్ని ఒక కేసు పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. కేసు ఊహించినదే. అయితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడే టీములకు బాగా పరిచయమైన రకం.

ఏం జరిగింది

ఆర్డర్లు తీసుకునే ఒక సర్వీస్. నాలుగు అప్లికేషన్ సర్వర్లు, వాటి వెనుక ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఒక్కో సర్వర్ తన పూల్‌లో 20 కనెక్షన్లు ఉంచుకుంటుంది, అంటే మొత్తం 80. డేటాబేస్ అనుమతించేది 100, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా ఇచ్చే సంఖ్య అదే.

ఉదయం 9:40కి ఎవరో రిపోర్టింగ్ టూల్ నుంచి ఆర్డర్ల టేబుల్ మీద పెద్ద క్వెరీ ఒకటి నడిపారు. అది గంటసేపు నడిచే రకం. 10:02కి కొత్త వెర్షన్ డెప్లాయ్ మొదలైంది. అందులో ఒక మైగ్రేషన్ ఉంది, ఆర్డర్ల టేబుల్‌కు ఒక కాలమ్ చేరుస్తుంది. డిఫాల్ట్ విలువ లేని కాలమ్ చేర్చడం పోస్ట్‌గ్రెస్‌లో మిల్లీసెకన్ల పని, టేబుల్‌లోని వరుసలను ముట్టుకోనక్కర్లేదు. స్టేజింగ్‌లోనూ క్షణంలో పూర్తయింది.

చిక్కంతా లాక్ దగ్గర వచ్చింది. ఏ `SELECT` అయినా టేబుల్ మీద ఒక తేలికపాటి లాక్ తీసుకుని, తన ట్రాన్సాక్షన్ ముగిసేదాకా పట్టుకుని ఉంటుంది. `ALTER TABLE`తో కాలమ్ చేర్చాలంటే మాత్రం `ACCESS EXCLUSIVE` అనే అన్నిటికంటే గట్టి లాక్ కావాలి. టేబుల్ మీద ఇంకెవరూ, చదివేవాళ్ళు కూడా, ఉండకూడదు. రిపోర్టు ఇంకా నడుస్తోంది కాబట్టి మైగ్రేషన్ ఆగి ఎదురుచూడసాగింది. అక్కడితో అయితే ఏ నష్టమూ లేదు. కానీ లాక్ కోసం వేచి ఉన్నవాళ్ళకు పోస్ట్‌గ్రెస్ వరుస పాటిస్తుంది. ముందున్న మైగ్రేషన్ కోరిన లాక్‌తో పొసగని ఏ క్వెరీ అయినా దాని వెనకే నిలబడాలి. ఆ లాక్‌తో ఏదీ పొసగదు. రిపోర్టుతో ఏ గొడవా లేని మామూలు క్వెరీలు, ఒక ఆర్డర్ చూపించేవి, ఒక ఆర్డర్ రాసేవి, అన్నీ ఆగిపోయాయి. నిమిషం తిరక్కముందే 80 కనెక్షన్లూ వేచి ఉన్న క్వెరీలతో నిండిపోయాయి. అప్లికేషన్‌కు కొత్త కనెక్షన్ దొరక్క 503 ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇక్కడినుంచి ఆన్‌కాల్ ఇంజనీర్‌ను తప్పుదారి పట్టించే మలుపు వచ్చింది. అప్లికేషన్ సర్వర్లను రీస్టార్ట్ చేశారు. మామూలుగా కనెక్షన్ల గొడవకు అది పనిచేస్తుంది. కానీ లాక్ కోసం నిద్రపోతున్న డేటాబేస్ ప్రాసెస్‌కు, అవతలి అప్లికేషన్ చనిపోయిన సంగతి డిఫాల్ట్ సెట్టింగులతో తెలియదు. పాత 80 అలాగే వరుసలో ఉన్నాయి. కొత్తగా లేచిన సర్వర్లు మరో 80 అడిగాయి. దాంతో లాగుల్లో ఈ వాక్యం కనిపించింది:

```
FATAL: remaining connection slots are reserved for roles with the SUPERUSER attribute
```

“కనెక్షన్లు అయిపోయాయి” అన్న కారణం ఈమెయిల్‌లోకి ఎక్కేది ఇక్కడినుంచే. లాగులో అక్షరాలా రాసి ఉంది కాబట్టి అదే కారణమని తోస్తుంది. నిజానికి ఈ ఎర్రర్ మొదటి 13 నిమిషాల్లో లేనే లేదు. రీస్టార్ట్ తర్వాత పుట్టింది.

కారణాన్ని తవ్వే పద్ధతి

ప్రతి అనుమానితాన్నీ తీసుకుని రెండు ప్రశ్నలు వెయ్యాలి. ఇది లేకపోతే అవుటేజ్ జరిగేదా? ఇది రేపు మళ్ళీ జరిగితే మనకు అభ్యంతరమా?

కనెక్షన్ల పరిమితితో మొదలుపెడదాం. 100 బదులు 500 ఉండి, సర్వర్ల పూల్‌లు కూడా ఆ మేరకు పెద్దవైతే? అవుటేజ్ తప్పేది కాదు. 80 క్వెరీల బదులు కొన్ని వందల క్వెరీలు వరుసలో నిలబడేవి, సర్వీస్ పడిపోవడానికి ఇంకాస్త సమయం పట్టేది, అంతే. కాబట్టి అది లక్షణమే గానీ కారణం కాదు. “కనెక్షన్ల పరిమితి పెంచాం” అని క్లయింట్‌కు రాస్తే, అదే మైగ్రేషన్ వచ్చే నెల మళ్ళీ అదే పని చేస్తుంది. రెండో ఈమెయిల్‌ను ఎవరూ నమ్మరు.

మైగ్రేషన్ లేకపోతే ఆరోజు అవుటేజ్ లేదు, నిజమే. కానీ కాలమ్ చేర్చడం తప్పు పని కాదు. వచ్చే వారం మళ్ళీ చేరుస్తారు. రిపోర్టు సంగతీ అంతే. ఇవి రెండూ ట్రిగ్గర్లు. రెండు మామూలు పనులు ఒకేసారి పడ్డాయి. అవి కలవకుండా, కలిసినా కొంప మునగకుండా చూసే అడ్డు ఏదీ లేకపోవడమే అసలు కారణం. ఆ అడ్డు ఏమిటో చెప్పగలిగితే తవ్వకం సరైన లోతుకు చేరినట్టు. ఇక్కడ అవి రెండు. మైగ్రేషన్ లాక్ కోసం ఎంతసేపైనా ఎదురుచూడవచ్చు, ఎందుకంటే `lock_timeout` డిఫాల్ట్ సున్నా, అంటే పరిమితి లేనట్టు. రిపోర్టు క్వెరీ కూడా ప్రధాన డేటాబేస్ మీద ఎంతసేపైనా నడవవచ్చు.

“మానవ తప్పిదం” అని రాసి ఆగిపోవడం ఈ తవ్వకాన్ని మధ్యలో వదిలెయ్యడమే. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 ఉత్తర వర్జీనియా రీజియన్‌లో గంటల తరబడి ఆగినప్పుడు ఆ సంస్థ ఇచ్చిన వివరణ చూడండి. ఒక ఉద్యోగి కమాండ్‌లో ఒక విలువ తప్పుగా ఇవ్వడంతో అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయని స్పష్టంగా చెప్పారు. అక్కడితో ఆగలేదు. అంత సామర్థ్యాన్ని అంత వేగంగా తొలగించనిచ్చింది ఆ టూలేనని గుర్తించి, అది నెమ్మదిగా తొలగించేలా, ఏ భాగమూ కనీస స్థాయి కిందికి దిగకుండా అడ్డుకునేలా మార్చామని చెప్పారు. ఉద్యోగి పేరు ఎక్కడా లేదు. మన ఈమెయిల్‌లోనూ మైగ్రేషన్ ఎవరు రాశారు, రిపోర్టు ఎవరు నడిపారు అన్నది రాకూడదు. మర్యాద కోసం మాత్రమే కాదు. పేరు కనబడగానే చదివేవాళ్ళ చూపు అడ్డు లేని చోటునుంచి మనిషి మీదికి మళ్ళుతుంది.

ఇదంతా క్లయింట్‌కు ఎంత చెప్పాలి? వాళ్ళలో ఇంజనీర్లు ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇద్దరూ చదివి ఒకే సంగతి అర్థం చేసుకునేలా ఒక పేరా చాలు:

> 10:02కి మేం కొత్త వెర్షన్ విడుదల చేస్తూ ఆర్డర్ల టేబుల్ నిర్మాణంలో చిన్న మార్పు మొదలుపెట్టాం. అదే సమయానికి ఆ టేబుల్ మీద మా అంతర్గత రిపోర్టు ఒకటి నడుస్తోంది. అది ముగిస్తే గానీ మార్పు జరగదు, మార్పు జరిగితే గానీ ఆ తర్వాత వచ్చిన ఏ క్వెరీ ముందుకు కదలదు. దాంతో మీ రిక్వెస్టులతో సహా అన్నీ ఆగిపోయాయి. ఇలాంటి మార్పులు ఎంతసేపు ఎదురుచూడవచ్చో, రిపోర్టులు ఎంతసేపు నడవవచ్చో మేం పరిమితి పెట్టకపోవడమే మూల కారణం. మార్పును విడుదలకు ముందు పరీక్షించాం. కానీ పరీక్షించిన చోట అలాంటి రిపోర్టు నడవడం లేదు కాబట్టి ఇది బయటపడలేదు.

చివరి రెండు వాక్యాలు తప్పక ఉండాలి. “టెస్ట్ చెయ్యలేదా?” అన్నది ఏ క్లయింట్ అయినా ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న. ఇంకొకటి, “మార్పు జరిగింది, పరిమితి లేకపోయింది” అని కర్త లేకుండా రాయకండి. మేం మొదలుపెట్టాం, మేం పెట్టలేదు అని రాయండి.

టైమ్‌లైన్

టైమ్‌లైన్‌ను జ్ఞాపకం నుంచి రాయకూడదు. డెప్లాయ్ టూల్ రికార్డు, లోడ్ బాలెన్సర్ లాగులు, అలర్ట్ చరిత్ర, డేటాబేస్ లాగులు, ఆ సమయంలో టీమ్ చాట్: ఈ ఐదూ ముందు పెట్టుకుని ఒక్కో వరుసకు ఒక్కో ఆధారం చూసుకోవాలి. వీటిలో కొన్ని యూటీసీలో, కొన్ని స్థానిక సమయంలో ఉంటాయి. ముందు అన్నిటినీ యూటీసీకి మార్చి, పంపేటప్పుడు క్లయింట్ ఉన్నచోటి సమయంలోకి మార్చి, ఏ సమయమో పైన ఒక్కసారి రాయాలి. చాట్‌లో “ఇప్పుడే రీస్టార్ట్ చేశా” అన్న మెసేజ్ సమయం రీస్టార్ట్ సమయం కాదు, రెండు మూడు నిమిషాలు తేడా వస్తుంది. సర్వర్ లాగే ప్రమాణం.

అవుటేజ్ ఎప్పుడు మొదలైందన్న దగ్గరే నమ్మకం నిలబడుతుంది, లేదా పోతుంది. మన అలర్ట్ మోగింది 10:09కి. క్లయింట్ చూసిన మొదటి ఎర్రర్ 10:03ది. వాళ్ళ లాగుల్లో అది ఉంటుంది. మనం 10:09 అని రాస్తే, ఆ ఆరు నిమిషాలు దాచామని అనుకుంటారు. మొదటి ఫెయిల్ అయిన రిక్వెస్టే మొదలు. ముగింపు కూడా అలాగే, మనం సరిచేసిన క్షణం కాదు, ఎర్రర్ల శాతం మామూలు స్థాయికి వచ్చిన క్షణం.

> 09:40 – మా అంతర్గత రిపోర్టు మొదలైంది.
> 10:02 – కొత్త వెర్షన్ విడుదల, ఆర్డర్ల టేబుల్ మార్పు మొదలు.
> 10:03 – మొదటి రిక్వెస్టు ఫెయిల్ అయింది. అంతరాయం మొదలు.
> 10:06 – మీ టీమ్ నుంచి మాకు మొదటి ఫిర్యాదు.
> 10:09 – మా అలర్ట్ మోగింది.
> 10:13 – ఆన్‌కాల్ ఇంజనీర్ పరిశీలన మొదలుపెట్టారు.
> 10:16 – అప్లికేషన్ సర్వర్లు రీస్టార్ట్ చేశాం. ఫలితం లేదు, కనెక్షన్ల ఒత్తిడి ఇంకా పెరిగింది.
> 10:27 – పాత వెర్షన్‌కు తిరిగి వెళ్ళాం. ఫలితం లేదు, టేబుల్ మార్పు డేటాబేస్‌లో ఇంకా వేచి ఉంది.
> 10:31 – వేచి ఉన్న లాక్‌లను గుర్తించాం.
> 10:34 – టేబుల్ మార్పును రద్దు చేశాం.
> 10:36 – ఎర్రర్లు మామూలు స్థాయికి వచ్చాయి. అంతరాయం ముగిసింది.

10:06, 10:16, 10:27 వరుసలను తీసెయ్యమని లోపల ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఉంచండి. మనకంటే ముందు ఫిర్యాదు చేసింది వాళ్ళేనని క్లయింట్‌కు తెలుసు. తప్పుదారుల వరుసలు తీసేస్తే 10:13 నుంచి 10:31 దాకా పెద్ద ఖాళీ కనిపిస్తుంది. చదివేవాళ్ళు ఆ ఖాళీని తమకు తోచిన దానితో నింపుకుంటారు.

టైమ్‌లైన్ రాశాక దాన్ని ముక్కలు చెయ్యాలి. మొదటి ఎర్రర్ నుంచి అలర్ట్‌కు 6 నిమిషాలు. అలర్ట్ నుంచి మనిషి వచ్చేసరికి 4. మనిషి వచ్చాక సరైన పని చేసేసరికి 21. ఆ తర్వాత కోలుకోవడానికి 2. మొత్తం 33. ఇప్పుడు “మానిటరింగ్ పెంచుతాం” అన్న హామీ విలువ తేలిపోయింది. అలర్ట్ ఎంత బాగున్నా తగ్గేది ఆరులో కొన్ని నిమిషాలు మాత్రమే. పెద్ద ముక్క 21. ఇంజనీర్ అక్కడే ఉన్నా, ఏం చూడాలో తెలియక గడిచిన సమయం అది. ఈ కింది క్వెరీ మొదట్లోనే నడిపి ఉంటే కారణం నిమిషంలో కనబడేది:

```sql
SELECT pid, pg_blocking_pids(pid),
       now() - query_start AS elapsed,
       left(query, 60) AS query
FROM pg_stat_activity
WHERE wait_event_type = 'Lock';
```

వేచి ఉన్న ప్రతి ప్రాసెస్ ఎవరి వెనుక ఆగిందో ఇది చూపిస్తుంది. డజన్ల కొద్దీ వరుసలు ఒకే `ALTER TABLE` నంబరు వైపు వేలు చూపిస్తుంటే, ఆ నంబరును `pg_cancel_backend`కు ఇస్తే చాలు. కనెక్షన్లన్నీ నిండిపోయినా లోపలికి వెళ్ళే దారి ఒకటి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా మూడు కనెక్షన్లు సూపర్‌యూజర్ కోసం అట్టేపెడుతుంది. ఇవి ఈమెయిల్‌లో అక్కర్లేదు, ఆన్‌కాల్ పుస్తకంలో మొదటి పేజీలో ఉండాలి.

నష్టం ఎంత: ఇక్కడ తొందరపడకూడదు

“డేటా నష్టం ఏమీ లేదు” అని రాయడానికి అందరి చెయ్యీ ఉరకలు వేస్తుంది. ఈ కేసులో నష్టం లేదు. కానీ దానికంటే ఇబ్బందైనది ఒకటి జరిగి ఉండవచ్చు. ఆర్డర్ రాసే `INSERT` ఒకటి వరుసలో ఆగి ఉంది. దాన్ని పంపిన అప్లికేషన్ రీస్టార్ట్‌లో చనిపోయింది, కొనేవారికి ఎర్రర్ కనిపించింది. 10:34కి మైగ్రేషన్ రద్దు కాగానే వరుస కదిలింది. ఆ `INSERT` కూడా కదిలింది. అది ట్రాన్సాక్షన్ లోపల ఉంటే, ముగించమని చెప్పే అప్లికేషన్ లేదు కాబట్టి వెనక్కి పోతుంది. ఒంటరి స్టేట్‌మెంట్‌గా పంపి ఉంటే దానంతటదే కమిట్ అయిపోతుంది. అంటే ఎర్రర్ చూసిన మనిషి ఆర్డర్ నిజానికి నమోదైంది. ఆయన మళ్ళీ ప్రయత్నించి ఉంటే రెండు ఆర్డర్లు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. 10:34 నుంచి 10:36 మధ్య కమిట్ అయిన ఆర్డర్లను తీసి, అప్లికేషన్ లాగులో విజయవంతమైన జవాబు లేనివాటిని వేరు చెయ్యాలి. అయితే ఒక మెలిక ఉంది. టేబుల్‌లోని `created_at` కాలమ్‌కు `now()` విలువ ఇచ్చి ఉంటే, అది ట్రాన్సాక్షన్ మొదలైన సమయం చూపిస్తుంది, కమిట్ అయిన సమయం కాదు. ఆ ఆర్డర్ల మీద 10:02, 10:17 లాంటి సమయాలు ఉంటాయి. కాబట్టి 10:02 నుంచి 10:36 దాకా ఉన్న వరుసలన్నీ చూడాలి.

> 10:03 నుంచి 10:36 వరకు మీ అకౌంట్ నుంచి వచ్చిన 1,240 రిక్వెస్టుల్లో 1,198 ఎర్రర్‌తో తిరిగి వచ్చాయి. అంతకుముందు నమోదైన డేటా ఏదీ పోలేదు, మారలేదు. ఎర్రర్ చూపించినా నమోదైన ఆర్డర్లు 17 ఉన్నాయి. వాటి నంబర్ల జాబితా జతచేశాం. వీటిలో 5 ఆర్డర్లను అదే కొనుగోలుదారు తర్వాత మళ్ళీ పెట్టారు. మీరు చెప్పేదాకా వేటినీ మేం రద్దు చెయ్యం.

క్లయింట్ ఈ పేరాతో ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టవచ్చు. శాతాల్లో రాయడం కంటే వాళ్ళ అకౌంట్‌కు సంబంధించిన సంఖ్య ఇవ్వడం ఎందుకు మేలో ఇది చూస్తే తెలుస్తుంది. మొత్తం సర్వీస్‌లో ఎంత శాతం ఫెయిల్ అయిందన్నది వాళ్ళకు పనికిరాదు.

ఎస్‌ఎల్‌ఏ గురించి ఇక్కడ వాదించకండి. నెలకు 99.9 శాతం హామీ ఉంటే 30 రోజుల నెలలో 43.2 నిమిషాలు అనుమతి. 33 నిమిషాలు దానిలోపే. ఆ లెక్క సరైనదే కావచ్చు, కానీ 1,198 ఎర్రర్లు చూసినవాళ్ళకు “మేం ఒప్పందం మీరలేదు” అని చెప్పడం వాళ్ళ నష్టాన్ని కొట్టిపారెయ్యడమే. క్రెడిట్ ఇవ్వాల్సి ఉంటే ఒక వాక్యంలో చెప్పండి, లేకపోతే అడిగినప్పుడు వేరే ఈమెయిల్‌లో జవాబివ్వండి.

నివారణ చర్యలు

ప్రతి చర్య పక్కన మూడు ఉండాలి: అయిపోయిందా లేక ఏ తేదీకి అవుతుంది, ఏ టీమ్ బాధ్యత, అది టైమ్‌లైన్‌లో దేన్ని మారుస్తుంది. మూడోది రాయలేకపోతే ఆ చర్యను తీసెయ్యండి.

ఈ కేసులో మొదటిది మైగ్రేషన్‌కు పరిమితి:

```sql
SET lock_timeout = '3s';
ALTER TABLE orders ADD COLUMN delivery_note text;
```

మూడు సెకన్లలో లాక్ దొరక్కపోతే మైగ్రేషన్ తప్పుకుంటుంది, వెనుక ఉన్న వరుస కదులుతుంది. నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఐదుసార్లు విఫలమైతే డెప్లాయ్ ఆగిపోతుంది. దీనికీ ఖరీదు ఉంది. ఒక్కో ప్రయత్నంలో రిక్వెస్టులు మూడు సెకన్లదాకా నెమ్మదించవచ్చు, కొన్ని విడుదలలు వాయిదా పడవచ్చు. ఆ మాట ఈమెయిల్‌లోనే చెప్పాలి. రేపు క్లయింట్ తన గ్రాఫులో మూడు సెకన్ల ముల్లు చూసి ఉలిక్కిపడకూడదు. ఈ `lock_timeout` పరిమితి రాయడం ఎవరో ఒకరు మరిచిపోతారు కాబట్టి, అది లేని మైగ్రేషన్‌ను బిల్డ్ దశలోనే తిరస్కరించే తనిఖీ కూడా కావాలి. “ఇంజనీర్లకు శిక్షణ ఇస్తాం” అన్నది ఈ తనిఖీకి ప్రత్యామ్నాయం కాదు.

రెండోది రిపోర్టులు వాడే డేటాబేస్ యూజర్‌కు పరిమితి:

```sql
ALTER ROLE report_user SET statement_timeout = '10min';
```

ఇది కొత్తగా మొదలయ్యే సెషన్లకే వర్తిస్తుంది, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు పాత పద్ధతిలోనే నడుస్తాయి. “పూర్తయింది” అని రాసేముందు రిపోర్టింగ్ టూల్ కనెక్షన్లను ఒకసారి మూసి తెరవాలి. ఇంకో రంధ్రం కూడా ఉంది. క్వెరీ ముగించి ట్రాన్సాక్షన్ మూయకుండా వదిలేసిన సెషన్ కూడా లాక్ పట్టుకునే ఉంటుంది, దాన్ని ఈ పరిమితి పట్టదు. దానికి `idle_in_transaction_session_timeout` వేరుగా పెట్టాలి.

మిగతావి ఈమెయిల్‌లో ఇలా వస్తాయి:

> ఈ నెల 12న పూర్తయినవి: టేబుల్ మార్పులు లాక్ కోసం 3 సెకన్లకు మించి ఎదురుచూడవు (డేటాబేస్ టీమ్). ఇది 10:03 నాటి అంతరాయాన్ని మొదట్లోనే ఆపేది. ఒక్కో విడుదల సమయంలో ఐదుసార్ల వరకు 3 సెకన్లదాకా ఆలస్యం కనిపించవచ్చు. అంతర్గత రిపోర్టులు 10 నిమిషాలకు మించి నడవవు.
>
> 14న పూర్తయినది: ఆన్‌కాల్ మార్గదర్శిలో రీస్టార్ట్ కంటే ముందు లాక్‌ల పరిశీలనను మొదటి మెట్టుగా చేర్చాం (ఆపరేషన్స్ టీమ్). ఇది కారణం వెతకడానికి పట్టిన 21 నిమిషాలను తగ్గిస్తుంది.
>
> 19కి పూర్తయ్యేవి: పరిమితి లేని టేబుల్ మార్పును బిల్డ్‌లోనే తిరస్కరించే తనిఖీ. ఎర్రర్ అలర్ట్ ఐదు నిమిషాల సగటు బదులు ఒక నిమిషం సగటు మీద మోగడం, 30 సెకన్లకు మించి లాక్ కోసం ఎవరు ఆగినా వేరే అలర్ట్. ఇవి గుర్తించడానికి పట్టిన 6 నిమిషాలను రెండుకు తెస్తాయి.
>
> 30కి పూర్తయ్యేది: ఒకే ఆర్డర్ రెండుసార్లు వచ్చినా ఒక్కసారే నమోదు చేసేలా రిక్వెస్టుకు ప్రత్యేక గుర్తింపు (అప్లికేషన్ టీమ్). మీ వైపు చెయ్యాల్సిన మార్పు వివరాలు 22న పంపుతాం.

“ఇలాంటిది ఇక ఎప్పటికీ జరగదు” అని ఎక్కడా లేదని గమనించండి. ఈ కారణంతో జరగదు అని చెప్పగలం, ఎందుకో చూపించగలం. అంతకుమించిన హామీ ఇచ్చిన ఈమెయిల్‌ను మరో కారణంతో వచ్చే తర్వాతి అవుటేజ్ రోజున క్లయింట్ మన ముందు పెడతారు.

ఎప్పుడు పంపాలి

అవుటేజ్ నడుస్తుండగా అరగంటకొకసారి రెండు వాక్యాలు పంపాలి, కారణం ఊహించకుండా. మర్నాటికి ఒక ప్రాథమిక ఈమెయిల్: ఎప్పటినుంచి ఎప్పటిదాకా, వాళ్ళ మీద ప్రభావం, క్షమాపణ, పూర్తి నివేదిక వచ్చే తేదీ. కారణం ఇంకా ఖాయం కాకపోతే ఖాయం కాలేదనే రాయాలి. మొదట చూపించిన “కనెక్షన్లు అయిపోయాయి” లాంటి వాక్యం పుట్టేది ఈ ప్రాథమిక ఈమెయిల్‌ను కారణంతో నింపాలన్న తొందరలోనే. ఒకసారి వెళ్ళాక దాన్ని వెనక్కి తీసుకోవడం అసలు కారణం చెప్పడం కంటే కష్టం. పూర్తి పోస్ట్‌మార్టెమ్‌కు మూడు నుంచి ఐదు పనిదినాలు సబబు. క్షమాపణ అందులో మొదటి పేరాలో ఒక్కసారి చాలు. సబ్జెక్ట్ లైన్‌లో తేదీ, అంతరాయం నిడివి ఉండాలి, ఆరు నెలల తర్వాత వెతికేవాళ్ళకు దొరకాలి కదా.

చివరి తేదీన ఒక ఈమెయిల్ బాకీ ఉంటుంది, చాలామంది పంపనిది ఇదే. అందులో చర్యలు పూర్తయ్యాయని చెప్పడం ఒక్కటే కాదు, పరీక్షించిన ఫలితం ఉండాలి. స్టేజింగ్‌లో ఒక సెషన్ తెరిచి, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఆర్డర్ల టేబుల్ మీద ఒక `SELECT` నడిపి, కావాలనే మూయకుండా వదిలెయ్యండి. ఇంకో వైపు ఆర్డర్లు పెడుతూ ఉండే స్క్రిప్టు నడపండి. ఇప్పుడు మైగ్రేషన్ మొదలుపెట్టండి. మూడు సెకన్లకు `canceling statement due to lock timeout` అన్న ఎర్రర్‌తో అది తప్పుకోవాలి, స్క్రిప్టులో ఒక్క ఆర్డర్ కూడా ఫెయిల్ కాకూడదు. ఆ సెషన్ అక్కడే తెరిచి ఉంచి ఐదు ప్రయత్నాలూ చూడండి, డెప్లాయ్ ఆగిందో లేదో చూడండి, 30 సెకన్ల లాక్ అలర్ట్ మోగకూడదు. తర్వాత పరిమితి తీసేసి మరోసారి నడిపి, ఈసారి ఆ అలర్ట్ మోగుతుందో లేదో చూడండి. ఈ రెండు పరుగుల్లో ఏం కనిపించిందో నాలుగు వాక్యాల్లో రాసి పంపండి.